పాల్ పొంగిచ్చా, సార్?

సంక్రాంతి రోజు తమిళ సహోద్యోగికి ‘హ్యాపీ పొంగల్’ అని పంపినా ఎవరూ తప్పు పట్టరు. అదే మాట వాళ్ల భాషలో, పద్ధతిగా చెబితే మాత్రం ఆ మనిషి ముఖం వికసిస్తుంది.

ఆఫీసులో మనకంటే పదేళ్లు పెద్దాయన అనుకుందాం. ఆయనకు చెప్పవలసింది ఇది: ‘వణక్కం సార్. ఉంగళుక్కుమ్ ఉంగళ్ కుడుంబత్తినరుక్కుమ్ ఇనియ పొంగల్ నల్వాళ్త్తుగళ్.’ మీకూ మీ కుటుంబ సభ్యులకూ పొంగల్ శుభాకాంక్షలు అని. మర్యాదంతా ‘ఉంగళుక్కు’లో ఉంది. ‘ఉనక్కు’ అంటే ‘నీకు’. అది స్నేహితులకూ చిన్నవాళ్లకూ అనే మాట, పెద్దాయనతో అనకూడదు.

చివరి మాట దగ్గరే మనవాళ్లు తడబడతారు. ఫోన్లో వచ్చే సందేశాల్లో దాన్ని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసేటప్పుడు జెడ్ పక్కన హెచ్ పెడతారు. అది చూసి ‘వాజ్తుగళ్’ అని చదివేస్తాం. అక్కడున్నది ‘జ’ కాదు. తమిళం అనే పేరును వాళ్లు పలికేటప్పుడు చివర వినిపించే ధ్వని అది. నాలుకను వెనక్కి మడిచి, అంగిలికి తాకనీయకుండా పలకాలి. రాకపోతే ‘ళ’ అనండి, చాలు. తమిళుల్లోనే చాలామంది అలా పలుకుతారు. కొందరు ‘నల్వాళ్త్తుక్కళ్’ అని కూడా అంటారు, రాస్తారు. మీరు ఏది అన్నా అర్థమవుతుంది.

ఈ శుభాకాంక్ష తై నెల మొదటి రోజుకు. అది మన సంక్రాంతి రోజే, జనవరి 14 లేదా 15. ముందు రోజు భోగి వాళ్లకూ ఉంది, అయితే అసలు పండగ ఇంకా రాలేదు కాబట్టి ఒక్క రాత్రి ఆగడం మేలు.

నాకు అన్నిటికంటే నచ్చేది ఆ రోజు వాళ్లలో వాళ్లు వేసుకునే ప్రశ్న: ‘పాల్ పొంగిచ్చా?’ పాలు పొంగాయా అని. చాలా ఇళ్లలో కుండ మెడకు ఆకులతో సహా పసుపు మొక్క కట్టి, ముందు పాలు పోసి కాస్తారు. అంచు దాటి పొంగగానే ఇంటిల్లిపాదీ ‘పొంగలో పొంగల్!’ అని కేకేస్తారు. కొత్త బియ్యం పడేది ఆ తర్వాతే. ఫ్లాట్లలో గ్యాస్ పొయ్యి మీదైనా ఆ పొంగు కోసం ఎదురుచూస్తారు. అందుకే ఈ ప్రశ్న వంట సంగతి కాదు, మీ ఇంట్లో ఏడాది శుభంగా మొదలైందా అన్న పలకరింపు. ‘సార్’ అనో ‘అక్కా’ అనో చేర్చి అడగండి. ‘పొంగిచ్చు’ అని జవాబొస్తుంది.

ఒక్క సందర్భంలో మాత్రం ఇవేవీ వద్దు. ఆ ఇంట్లో ఏడాదిలోపు ఎవరైనా పోయి ఉంటే, మనలాగే చాలామంది పండగ చేసుకోరు. అప్పుడు శుభాకాంక్షలు పక్కనపెట్టి, ‘అమ్మ ఎలా ఉన్నారు, సార్?’ అని ఫోన్ చేయండి.