షాపు ఖాళీ చేస్తే అడ్వాన్స్‌లో ఎంత కోత న్యాయం? లెక్క ఇలా..

విశాఖపట్నం: సీతమ్మధారలో నాలుగేళ్లు షాపు నడిపి ఖాళీ చేసే వ్యాపారికి తరచూ పేచీ వచ్చేది అడ్వాన్స్ దగ్గరే. "తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలా చేసి ఇవ్వండి, లేదంటే లక్ష పట్టుకుంటా" అంటారు ఓనరు. ఆ లక్ష న్యాయమేనా అన్నది లెక్క వేస్తే గానీ తేలదు.

ముందు అగ్రిమెంట్ చూడాలి. అందులో ఏం రాసుకుంటే అదే నడుస్తుంది. ఏమీ రాసుకోకపోతే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ వర్తిస్తుంది. దాని ప్రకారం షాపును తీసుకున్నప్పటి స్థితిలోనే అప్పగించాలి. కానీ మామూలు వాడకంతో వచ్చిన అరుగుదల, మనిషి ఆపలేని విపత్తుతో జరిగిన నష్టం అద్దెదారుపై పడవు. ఉప్పుగాలికి తుప్పు పట్టిన షట్టర్ మామూలు అరుగుదల కిందికి వస్తుంది. 2014 అక్టోబర్ 12న వచ్చిన హుద్‌హుద్ లాంటి తుఫానుకు పగిలిన అద్దాలు రెండో రకం. ర్యాకుల కోసం గోడకు కొట్టిన రంధ్రాలు మాత్రం అద్దెదారు బాధ్యతే.

ఇప్పుడు లెక్క. ఉదాహరణకు షాపు 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు అనుకుందాం. అద్దెదారు ఫాల్స్ సీలింగ్, ప్లైవుడ్ పార్టిషన్ వేయించాడు. అవి విప్పడానికి 10 వేలు, రంధ్రాలు పూడ్చడానికి 4 వేలు, పగిలిన టైల్స్ మార్చడానికి 5 వేలు, చెత్త తరలించడానికి 6 వేలు అనుకుంటే మొత్తం 25 వేలు.

పెద్ద పద్దు పెయింటింగ్. నాలుగు గోడలు కలిపి 1,000 చదరపు అడుగులు. తలుపులు, షట్టర్ కోసం 150 తీసేసి, పైకప్పు 600 కలిపితే 1,450. అడుగుకు 20 రూపాయలైతే 29 వేలు. అయితే రంగు ఐదేళ్లు ఆగుతుందనుకుంటే, కొత్తగా వేసిన షాపులో నాలుగేళ్లున్న వ్యక్తిపై మిగిలిన ఐదో వంతు, అంటే 5,800 మాత్రమే వేయడం సబబు. మొత్తం 30,800. అనుకోని ఖర్చుకు పది శాతం కలిపినా 34 వేలు దాటదు. లక్షకు దీనికి ఎంత తేడా!

ఈ రేట్లు లెక్క అర్థం కావడానికే. అసలు రేట్ల కోసం ఇద్దరు ముగ్గురు మేస్త్రీలను షాపుకు పిలిపించి, ఏ పనికి ఎంతో విడివిడిగా రాయించుకోవాలి. "మొత్తం ఇంత" అని చెప్పే కొటేషన్‌లో అరుగుదల ఏదో, నష్టం ఏదో తెలియదు.

మరో మాట. ఏసీ, సీలింగ్ లాంటివి తీసుకెళ్లాలంటే షాపు స్వాధీనంలో ఉండగానే విప్పుకోవాలి, తాళం ఇచ్చాక చట్టం ఆ వీలు ఇవ్వదు. కొత్తగా వచ్చేవాళ్లు సీలింగ్ ఉంచమంటే, విప్పే ఖర్చు వసూలు చేయనని ఓనరు చేత రాయించుకుంటే సరి. అన్నిటికన్నా గట్టి ఆధారం షాపులో దిగిన రోజు తీసిన ఫొటోలు. అవి లేకపోతే పాత పగులు కూడా అద్దెదారు ఖాతాలోకే వెళ్తుంది.