వానాకాలం పెస్ట్ కంట్రోల్ ఆఫర్: ప్రకటనలో ఏం ఉండాలి?

తొలకరి పడగానే హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో పెస్ట్ కంట్రోల్ ఆఫర్ల సందడి మొదలవుతుంది. "పిల్లలకు, పెంపుడు జంతువులకు పూర్తిగా సురక్షితం" అని రాస్తే సరిపోదు. ఏ మందు వాడతారు, ఎక్కడ వేస్తారు, ఎంతసేపు బయట ఉండాలి అన్నది చెప్పే ప్రకటనే నమ్మదగినది.

వంటింటి బొద్దింకలకు జెల్ మేలు. అలమర తలుపుల కీళ్ల దగ్గర, ఫ్రిజ్ వెనుక చిన్న చుక్కలుగా పెడతారు కాబట్టి మందు గాలిలోకి చిమ్మదు. పిల్లల చేయి, కుక్క నాలుక అందని చోటే పెట్టించాలి. ఆ చుక్కల మీద స్ప్రే కొడితే బొద్దింకలు వాటిని ముట్టవు, డబ్బు వృథా.

స్ప్రే అయితే జాగ్రత్త మరింత అవసరం. పైరిత్రాయిడ్ మందులు చేపలకు ప్రాణాంతకం, అందుకే అక్వేరియాన్ని ముందే వేరే చోటికి మార్చాలి. వీటిలో పర్మెత్రిన్‌ను పిల్లుల కాలేయం త్వరగా విరిచెయ్యలేదు; ఒంటికి అంటితే వణుకు, మూర్ఛ రావచ్చు. నేల పూర్తిగా ఆరి, కిటికీల్లోంచి గాలి ఆడాకే పాకే పిల్లల్ని, పిల్లుల్ని లోపలికి తేవాలి.

డబ్బా మీది త్రిభుజం ఎరుపైతే అత్యంత విషపూరితం. ఆకుపచ్చ అంటే విషం తక్కువనే గానీ, లేదని కాదు. పని మొదలుపెట్టేముందే ఆ డబ్బా చూపించమని సిబ్బందిని అడగండి.