లావుణి పట్టా భూమి: అమ్మిన పేదకు లేని శిక్ష కొన్నవాళ్ళకు ఎందుకు?

నాయకుడి మీద ఆరోపణ వచ్చిన ప్రతిసారీ ఆయన అనుచరులు అడిగే మాట ఒకటుంది: "ఊళ్ళో అందరూ కొన్నారు, ఆయన ఒక్కడే చేసిండా?" మేడ్చల్, శామీర్‌పేట వైపు ఈ మాట ఎక్కువగా భూమి గురించే వినిపిస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు, 44వ నంబర్ జాతీయ రహదారి, గోదాములు, ఫంక్షన్ హాళ్ళు వచ్చాక ఇక్కడ గుంట భూమి కూడా డబ్బుగా మారింది. ఆ భూమిలో కొంత ఒకప్పుడు భూమిలేని దళితులకు, ఇతర పేదలకు ప్రభుత్వం ఇచ్చిన లావుణి పట్టా, అంటే అసైన్డ్ భూమి. నాయకులకూ మామూలు జనానికీ ఒకే నీతి సరిపోతుందా అన్న ప్రశ్నకు ఈ భూముల చట్టంలోనే ఒక జవాబు ఉంది.

ఆ చట్టం 1977 నాటిది, అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం. దాని 3వ సెక్షన్ ప్రకారం భూమిలేని పేదకు ఇచ్చిన భూమిని ఆ పేద అమ్మకూడదు, ఇంకెవరూ కొనకూడదు. దానంగా, కౌలుగా, తాకట్టుగా కూడా తీసుకోకూడదు. కాగితం రాసుకున్నా ఆ అమ్మకం చెల్లదు. ఇక్కడిదాకా ఇద్దరికీ ఒకటే నియమం. తేడా 7వ సెక్షన్‌లో వస్తుంది. జైలు శిక్ష, జరిమానా అక్కడ రాసి ఉన్నది భూమిని సంపాదించినవాళ్ళకు. అమ్మిన పేదకు అందులో శిక్ష లేదు. పైగా 4వ సెక్షన్ కింద కలెక్టర్ కొన్నవాళ్ళను ఖాళీ చేయించి, భూమిని మొదటి పట్టాదారుకో వారసులకో తిరిగి ఇప్పించవచ్చు. అలా తిరిగి వచ్చిన భూమిని మళ్ళీ అమ్మితే మాత్రం ప్రభుత్వం వెనక్కి తీసుకుంటుంది.

ఒకే తప్పులో ఇద్దరు ఉంటే ఒకరికే శిక్ష ఎందుకు? రెండెకరాల లావుణి పట్టా ఉన్న ఒక మాదిగ కుటుంబాన్ని ఊహించుకుందాం. బోరు వేస్తే నీళ్ళు పడలేదు. బిడ్డ పెళ్ళి అప్పు, ఆసుపత్రి అప్పు మిగిలాయి. చుట్టూ ఉన్న పట్టా భూములన్నీ ఒక్కరే కొని కంచె వేశారు, పొలానికి పోయే బాట మూసుకుపోయింది. అప్పుడు ఒక మధ్యవర్తి వచ్చి సాదా కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటాడు. ఇది అమ్మకం లాగే కనబడుతుంది గానీ, ఆ కుటుంబానికి ఇంకో దారి లేదు. కొన్న మనిషికి మాత్రం ఇంకో చోట భూమి కొనుక్కునే దారి ఎప్పుడూ ఉంది, ఇది అసైన్డ్ భూమి అని తెలుసుకునే వీలూ ఉంది. తెలివిడి, వేరే దారి ఎవరికి ఎక్కువో బాధ్యత కూడా వాళ్ళకే ఎక్కువ అన్నది ఈ చట్టం లెక్క.

కొన్నది మంత్రి కుటుంబమో ఎమ్మెల్యే కుటుంబమో అయితే ఈ తేడా ఇంకా పెరుగుతుంది. ఖాళీ చేయించాల్సిన తహసీల్దారు, కలెక్టర్ ఆ ప్రభుత్వం కిందే పనిచేస్తారు. మామూలు కొనుగోలుదారు నోటీసుకు భయపడతాడు. అధికారంలో ఉన్నవాళ్ళ విషయంలో నోటీసు ఇవ్వడానికే అధికారి భయపడతాడు. నాయకుడికి కొలత పెద్దదిగా ఉండాలని మేము అనేది ఇందుకే. నాయకుడు మహాత్ముడై ఉండాలని కాదు, ఆయన తాగుడు, ఆయన ఇంటి గొడవలు మాకు పట్టవు. తన పదవి ఎక్కడ బరువు వేస్తుందో అక్కడ మాత్రం మామూలు మనిషి కొలత సరిపోదు.

ఈటల రాజేందర్ కేసును ఈ కోణంలో చూడాలి. 2021 ఏప్రిల్ 30న ఆయన ఆరోగ్య మంత్రి. మేడ్చల్ నుంచి అదే రహదారి మీద తూప్రాన్ దాటితే వచ్చే మాసాయిపేట మండలంలో అచ్చంపేట, హకీంపేట అనే ఊళ్ళున్నాయి (శామీర్‌పేట దారిలో వైమానిక దళ కేంద్రం ఉన్న హకీంపేట వేరు). అక్కడ ఆయన కుటుంబానికి చెందిన జమున హేచరీస్ తమ అసైన్డ్ భూములు ఆక్రమించిందని కొందరు రైతులు ముఖ్యమంత్రి కేసీఆర్‌కు ఫిర్యాదు చేశారు. అదే రోజు విచారణకు ఆదేశం వచ్చింది. మర్నాడు ఆరోగ్య శాఖ పోయింది. మే 2న మంత్రి పదవీ పోయింది. ఈటల ఆరోపణను పూర్తిగా ఖండించారు, ఇది రాజకీయ కక్ష అన్నారు.

రైతుల భూమి ప్రశ్న ఎంత నిజమైనదో, ఈ వేగం కూడా అంత అనుమానాస్పదం. హేచరీస్ యాజమాన్యం హైకోర్టుకు వెళ్తే, నోటీసు ఇవ్వకుండా సర్వే చేసి రాసిన నివేదిక మీద ఆధారపడి చర్యలు తీసుకోవద్దని, కావాలంటే నోటీసు ఇచ్చి మళ్ళీ విచారణ చేసుకోమని కోర్టు చెప్పింది. మళ్ళీ సర్వే చేశాక, 2021 డిసెంబర్‌లో మెదక్ కలెక్టర్ 70 ఎకరాల 33 గుంటలు ఆక్రమణలో ఉన్నాయని ప్రకటించారు. కుటుంబం దాన్నీ ఒప్పుకోలేదు. 2022 జూన్ చివర్లో అధికారులు అక్కడ పేదలకు భూమి పంపిణీ చేశారు. ఈ మధ్యలో ఈటల పార్టీ మారి, 2021 నవంబర్‌లో హుజూరాబాద్ ఉప ఎన్నికలో 23 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. 2024లో మేడ్చల్ కూడా ఉన్న మల్కాజిగిరి నుంచి ఎంపీ అయ్యారు. ఓటర్ల తీర్పు సర్వే నంబరు మీద తీర్పు కాదు. ఆయన గెలుపు ఆయన్ను నిర్దోషి చేయదు, పదవి పోవడం దోషినీ చేయదు.

మంత్రులకు ప్రత్యేక నియమాలు లేవా అంటే ఉన్నాయి. 1964 నుంచి అమల్లో ఉన్న ప్రవర్తనా నియమావళి ప్రకారం మంత్రి అయినవాళ్ళు వ్యాపార నిర్వహణ నుంచి తప్పుకోవాలి. ఆ నిర్వహణను కుటుంబంలో ఇంకొకరికి అప్పగించవచ్చు గానీ భార్యకో భర్తకో అప్పగించకూడదు. మంచి నియమమే. రాష్ట్ర మంత్రుల విషయంలో దీన్ని చూడాల్సింది ముఖ్యమంత్రి. అంటే సఖ్యంగా ఉన్నన్నాళ్ళు ఫైలు కదలకుండా ఉండొచ్చు, చెడిన రోజున రెండు రోజుల్లో అన్నీ కదలొచ్చు. శామీర్‌పేట మండలం దేవరయాంజాల్‌లో సీతారామస్వామి ఆలయానికి చెందిన 1,521 ఎకరాల 13 గుంటల మీద నలుగురు ఐఏఎస్ అధికారుల కమిటీ వేసిందీ సరిగ్గా ఆ మే 3నే. ఏళ్ళ తరబడి కట్టిన గోదాములు ఆ వారమే కనబడ్డాయా?

పెద్ద కొలత పక్షపాతంగా వాడితే ఎవరి మీద పడుతుందో దళితులకు వేరే చెప్పక్కర్లేదు. హైదరాబాద్‌కు చెందిన దళిత నాయకుడు బంగారు లక్ష్మణ్ 2001 మార్చిలో తెహెల్కా వీడియోలో లక్ష రూపాయలు తీసుకుంటూ కనిపించి బీజేపీ అధ్యక్ష పదవి వదులుకున్నారు. 2012లో నాలుగేళ్ళ శిక్ష పడింది. అదే గొడవలో రాజీనామా చేసిన రక్షణ మంత్రి జార్జి ఫెర్నాండెజ్ ఆ అక్టోబర్‌కే మళ్ళీ మంత్రి. ఆయన డబ్బు తీసుకుంటూ కనబడలేదు, ఆ తేడా నిజమే. లక్ష్మణ్ చేసింది తప్పే, శిక్షా న్యాయమే. కానీ పార్టీ నిధుల పేరుతో నోట్లు తీసుకునేవాళ్ళు ఈ దేశంలో ఆయన ఒక్కరేనా?

కాబట్టి కొలత ఎంత పెద్దదన్నది ఒక్కటే కాదు, దాన్ని ఎవరు ఎప్పుడు తీస్తారన్నదీ ముఖ్యమే. 4వ సెక్షన్ కింద చర్య మొదలవడానికి ముఖ్యమంత్రి కోపం అక్కర్లేదు. పాత పహాణీలు తీయించండి. పట్టాదారు గడిలో లావుణి అనో ప్రభుత్వ భూమి అనో ఉందా, అనుభవదారు గడిలో పేరు ఏ సంవత్సరం మారింది అన్నది అందులో తెలుస్తుంది. ధరణిలో ఆ అనుభవదారు గడే తీసేశారు, అందుకే పాత నకళ్ళు కావాలి. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందో లేదో కూడా చూడండి. అసైన్‌మెంట్ కాగితం, పహాణీ నకళ్ళు జతచేసి తహసీల్దారుకు దరఖాస్తు ఇచ్చి, ముద్ర వేసిన రసీదు తీసుకోండి. అవతల ఉన్నది ఏ పార్టీ మనిషైనా దరఖాస్తులో రాయాల్సింది సర్వే నంబరు, విస్తీర్ణం, పేరు మారిన సంవత్సరం.