ఫ్యూజు మార్చినా మెషిన్ మళ్లీ ఎందుకు ఆగింది?

ఫ్యాక్టరీలో మెషిన్ ఆగిపోతుంది. ఎలక్ట్రీషియన్ ఫ్యూజు మారుస్తాడు, పని మొదలవుతుంది. లాగ్‌బుక్‌లో "ఫ్యూజు పోయింది, మార్చాం" అని రాస్తారు. పది రోజులు గడిచేసరికి మళ్లీ అదే మెషిన్, అదే ఫ్యూజు. మేనేజరు వై-వై రిపోర్టు అడిగేది ఇలాంటప్పుడే.

టయోటాలో పనిచేసిన తైచి ఓనో 1978లో వెలువడిన తన పుస్తకంలో సరిగ్గా ఇలాంటి ఉదాహరణే ఇచ్చారు. మెషిన్ ఎందుకు ఆగింది? లోడు ఎక్కువై ఫ్యూజు పోయింది. లోడు ఎందుకు పెరిగింది? బేరింగ్‌కు నూనె చాలలేదు. ఎందుకు చాలలేదు? లూబ్రికేషన్ పంపు సరిగా తోడట్లేదు. ఎందుకు? పంపు షాఫ్టు అరిగి వదులైంది. ఎందుకు అరిగింది? స్ట్రైనర్ లేక ఇనుప రజను లోపలికి పోయింది.

చదవడానికి ఇది తేలిగ్గానే ఉంటుంది. రిపోర్టు రాయడం మాత్రం అంత తేలిక కాదు. మొదటి వాక్యంలోనే చాలామంది తప్పటడుగు వేస్తారు. "మెషిన్ తరచూ చెడిపోతోంది" అంటే ఏమీ చెప్పనట్టే. ఏ మెషిన్, ఏయే తేదీల్లో, ఎన్ని గంటలు నడిచాక, ఏ భాగం పోయిందో లాగ్‌బుక్ చూసి రాయాలి.

తర్వాత ప్రతి జవాబు పక్కనా రుజువు ఉండాలి. నూనె చాలలేదంటే బేరింగ్ విప్పి చూశారా? వేడికి నీలంగా మారిందా? షాఫ్టు అరిగిందంటే మైక్రోమీటరుతో కొలిచారా? కొత్త షాఫ్టు కొలత ఎంత? పంపు అడుగున నిజంగా రజను కనిపించిందా? ఇవేవీ చూడకుండా కుర్చీలో కూర్చుని అయిదు గళ్లు నింపితే అది ఊహే అవుతుంది. ఒక జవాబుకు రెండు కారణాలు తోస్తే రెండూ రాసి, పరీక్షించి ఒకదాన్ని కొట్టేయాలి. అసలు ఫ్యూజే తక్కువ ఆంపియర్లదేమో కూడా చూడాలి కదా! ఇక కింది నుంచి పైకి "కాబట్టి" అంటూ చదివితే అతకని జవాబు దానంతటదే బయటపడుతుంది.

"ఆపరేటర్ అజాగ్రత్త" దగ్గర ఆగిన రిపోర్టును నేను ఒప్పుకోను. అతను ఎందుకు పొరబడ్డాడో, ఆ పొరపాటుకు మెషిన్ ఎందుకు వీలిచ్చిందో అడగాలి. అయిదు ప్రశ్నలనే లెక్కా లేదు. ఓనో గొలుసుకు ఇంకొకటి కలపొచ్చు: స్ట్రైనర్ ఎందుకు లేదు? మొదటి నుంచీ లేదా, శుభ్రం చేసేటప్పుడు తీసి మళ్లీ పెట్టలేదా? జవాబును బట్టి చేయాల్సిన పనీ మారుతుంది.

స్ట్రైనర్ బిగించి, షాఫ్టు మార్చినా రిపోర్టు ముగియదు. స్ట్రైనర్‌ను ఎవరు, ఎన్నాళ్లకోసారి కడగాలో మెయింటెనెన్స్ షెడ్యూలులో చేర్చాలి. లేకపోతే అదే మూసుకుపోయి బేరింగ్‌కు మళ్లీ నూనె అందదు. మోటారు తీసుకునే కరెంటును మరమ్మతుకు ముందూ తర్వాతా క్లాంప్ మీటరుతో కొలిచి రాయాలి. పది రోజులకోసారి పోయే ఫ్యూజు వారం పాటు నిలిచిందని "పరిష్కారమైంది" అనడం తొందరపాటు. కనీసం రెండు మూడు నెలలు గమనించాలి. అదే రకం పంపు ఉన్న మిగతా మెషిన్లలో స్ట్రైనర్లు ఉన్నాయో లేదో ఆ వారంలోనే చూసి, వాటి నంబర్లూ రిపోర్టులో చేర్చాలి.