వార్తల్లో పదం: షుగర్ ఫ్రీ

ప్యాకెట్ మీద ‘షుగర్ ఫ్రీ’ అని వేయాలంటే 100 గ్రాముల పదార్థంలో చక్కెరలు అర గ్రాముకు మించకూడదు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో తెచ్చిన నిబంధనలు చెప్పేది ఇదే. పిండిపదార్థం ఈ లెక్కలోకి రాదు. చిక్కంతా అక్కడే.

ఒక షుగర్ ఫ్రీ బిస్కెట్ ప్యాకెట్ వెనక మైదా, పామాయిల్, మాల్టోడెక్స్‌ట్రిన్, మాల్టిటాల్ అని వరసగా ఉన్నాయనుకుందాం. బరువులో ఎక్కువున్నదాన్నే ముందు రాయాలి కాబట్టి, అది ప్రధానంగా మైదాయే. మాల్టోడెక్స్‌ట్రిన్ పిండి నుంచి తీసే పొడి. చక్కెరల వరుసలో చాలావరకు లెక్కకు రాదు గానీ, రక్తంలో గ్లూకోజ్‌ని మాత్రం చకచకా పెంచేస్తుంది. మాల్టిటాల్ కొంత నయం, కేలరీలు చక్కెరలో సుమారు సగమే. మరీ ఎక్కువ తింటే కడుపుబ్బరం, విరేచనాలు తప్పవు.

పోషకాల పట్టికలో చక్కెరలు 0.4 గ్రాములు, కార్బోహైడ్రేట్లు 68 గ్రాములు అని ఉంటే, మధుమేహం ఉన్నవాళ్లు పట్టించుకోవాల్సింది రెండో అంకెని. కంపెనీలు పెద్దక్షరాల్లో వేసేది ఎటూ మొదటిదాన్నే.

‘నో యాడెడ్ షుగర్’ వేరే సంగతి. విడిగా చక్కెర కలపలేదనే దానర్థం. పాలల్లో, పండ్లలో సహజంగా ఉన్నది అలాగే ఉంటుంది.