గాలిగోపురం నుంచి గర్భగుడి దాకా

గుడి మీద ఎత్తుగా కనిపించే ప్రతిదాన్నీ గోపురం అనడం తెలుగు వాడుక. శిల్పశాస్త్రంలో మాత్రం ప్రాకార ద్వారం మీద లేచేది గోపురం, గర్భగుడి మీద లేచేది విమానం. మొదటిది లోపలికి దారి చూపుతుంది, రెండోది దేవుడున్న చోటును చూపుతుంది. ఈ తేడా తెలిస్తే ఆలయంలోని మిగతా భాగాల అర్థం సులువుగా పట్టుబడుతుంది.

ఆగమ సంప్రదాయం ఆలయాన్ని మనిషి దేహంతో పోలుస్తుంది. వెల్లకిలా పడుకున్న పురుషుడికి గర్భగుడి శిరస్సు, దాని ముందున్న ఇరుకైన అంతరాళం కంఠం, మండపాలు రొమ్ము, పొట్ట, గోపురం పాదాలు. అందుకే గోపురం కనబడగానే దణ్ణం పెట్టడం దేవుడి పాదాలకు మొక్కడంతో సమానమని పెద్దలు చెబుతారు. భక్తుడి నడక పాదాల దగ్గర మొదలై శిరస్సు దగ్గర ముగుస్తుంది.

తిరుమల ఆలయంలో ఈ నడక స్పష్టంగా కనిపిస్తుంది. తూర్పుముఖంగా ఉన్న మహాద్వారాన్ని పడికావలి అంటారు. అది దాటి కొంత ముందుకు వెళ్తే ధ్వజస్తంభం, దాని దగ్గరే బలిపీఠం ఉంటాయి. దేహంతో పోల్చేవారు ధ్వజస్తంభాన్ని వెన్నెముకగా చెబుతారు. బ్రహ్మోత్సవాలు మొదలయ్యేటప్పుడు గరుడుడి బొమ్మ ఉన్న పతాకాన్ని దాని మీదే ఎగరేసి దేవతలను ఆహ్వానిస్తారు. బలిపీఠం పరివార దేవతలకూ భూతగణాలకూ అన్నం సమర్పించే చోటు. భక్తుడు తన అహంకారాన్ని అక్కడ వదిలి ముందుకు సాగాలన్నది దానికి చెప్పే భావార్థం.

ఆ తర్వాత వెండివాకిలి, అటుపైన బంగారువాకిలి. బంగారువాకిలికి రెండు వైపులా జయవిజయులు కాపలా ఉంటారు. వైకుంఠ ద్వారపాలకులు వీరే కాబట్టి, ఆ గడప దాటితే వైకుంఠంలో అడుగుపెట్టినట్టే. ఎదురుగా గరుత్మంతుడు చేతులు జోడించి స్వామి వైపే చూస్తూ ఉంటాడు. తెల్లవారుజామున సుప్రభాతం చదివేది ఈ వాకిలి ముందే. లోపల స్నపన మండపం, రాములవారి మేడ, శయన మండపం వరసగా వస్తాయి. గర్భగుడి చివరి గడపకు కులశేఖరపడి అని పేరు. స్వామి సన్నిధిలో గడపగా పడి ఉన్నా చాలని కోరుకున్న కులశేఖర ఆళ్వారు పేరు దానికి నిలిచిపోయింది.

వాకిలి దాటిన కొద్దీ వెడల్పు తగ్గుతుంది, పగటి వెలుతురూ తగ్గుతుంది. గర్భగుడికి కిటికీలుండవు. దీపాల వెలుగే ఆధారం. పైన విమానం బరువు మోయాలంటే గోడలు మందంగా ఉండాలి, గది చిన్నదిగా ఉండాలి. ఈ నిర్మాణ అవసరానికే సంప్రదాయం ఒక అర్థం ఇచ్చింది: తల్లి గర్భంలాగే ఇది కూడా చీకటిగా, భద్రంగా ఉండి, జీవం నిలిచే చోటు. పేరులోని గర్భం అదే.

గర్భగుడి మీద లేచే విమానాన్ని నిలుచున్న దేహంగా చూస్తారు. కింద నుంచి పైకి అధిష్ఠానం, పాదం, ప్రస్తరం, గ్రీవం, శిఖరం, స్తూపి అని ఆరు అంగాలు. గ్రీవమంటే మెడ, శిఖరం తల, కొసన నిలిచే కలశమే స్తూపి. తిరుమలలోని ఆనందనిలయ విమానానికి మూడు అంతస్తులు. కింది రెండూ చదరంగా, పైది గుండ్రంగా ఉంటాయి. దీనికి శ్రీకృష్ణదేవరాయలు 1518లో బంగారు పూత వేయించాడు.

మొదట్లో విమానమే గోపురం కంటే ఎత్తుగా ఉండేది. 1010 నాటి తంజావూరు బృహదీశ్వరాలయ విమానం 60 మీటర్లు దాటుతుంది, అక్కడి గోపురాలు దాని ముందు చిన్నవి. తర్వాతి రాజులు ప్రతిష్ఠ జరిగిన గర్భగుడిని కదిలించకుండా, చుట్టూ కొత్త ప్రాకారాలు కట్టి వాటి మీద భారీ గోపురాలు లేపారు. 1516లో రాయలు శ్రీకాళహస్తిలో కట్టించిన ఏడంతస్తుల గాలిగోపురం ఆ కోవలోదే. అది 2010 మేలో కూలిపోయినా, గర్భగుడి దానికి దూరంగా విడి కట్టడం కాబట్టి చెక్కుచెదరలేదు. ఆ స్థానంలో తర్వాత కొత్త గోపురం కట్టారు.

అన్ని ఆలయాలూ ఈ వరసలో ఉండవు. 1213 నాటి రామప్ప గుడికి రాజగోపురమే లేదు; అక్కడ ఎత్తుగా కనిపించేది గర్భగుడి మీది విమానం. దూరం నుంచి గుర్తుపట్టాలంటే కొసను చూస్తే చాలు. దక్షిణాది గోపురం పైభాగం పొడవుగా, బండి గూడులా వంగి ఉండి, దాని మీద కలశాలు వరసగా నిలుస్తాయి. విమానం మీద సాధారణంగా ఒక్కటే కలశం ఉంటుంది. ఆ కలశానికి సరిగ్గా కిందే మూలవిరాట్టు ఉంటుంది.