500 కట్టబోతే 295 జరిమానా

దసరా సెలవులకి ఇంటికొచ్చిన మా మేనకోడలు ఫోన్ నా చేతిలో పెట్టి, "మామయ్యా, ఈ నాలుగు ఫండ్లలో ఏది ఉంచమంటావు, ఏది తీసేయమంటావు?" అని అడిగింది. హైదరాబాద్‌లో ఓ చిన్న కంపెనీలో ఇంటర్న్‌గా చేస్తోంది. స్టైపెండ్ నెలకి 12,000. హాస్టలూ బస్సు పాసూ టిఫిన్లూ పోను 2,500 దాకా మిగులుతుందట. అందులోంచి నాలుగు మ్యూచువల్ ఫండ్లలో తలా 500 చొప్పున నెలనెలా కట్టే సిప్‌లు మొదలుపెట్టింది.

"ఫండ్ల సంగతి తర్వాత. ముందు బ్యాంకు స్టేట్‌మెంట్ తియ్యమ్మా" అన్నాను.

రెండు నిమిషాల్లో దొరికింది. ఆగస్టులో ఒకే రోజున రెండు కోతలు, ఒక్కోటి 295 రూపాయలు. అదేమిటో తనకీ తెలియదు. ఏవో బ్యాంకు ఛార్జీలులే అనుకుని వదిలేసింది.

జరిగింది ఇదీ. సిప్ పెట్టేటప్పుడు, ఫలానా తేదీన నా ఖాతాలోంచి ఇంత తీసుకోండి అని బ్యాంకుకి ముందే అనుమతి ఇస్తాం. దాన్నే మ్యాండేట్ అంటారు. ఆ తేదీన ఫండ్ కంపెనీ తరఫున డబ్బు అడుగుతారు. ఖాతాలో అంత లేకపోతే బ్యాంకు లేదు పొమ్మంటుంది. చెక్కు బౌన్సయినట్టే ఇదీనూ. అందుకు బ్యాంకు మననించి రుసుము వసూలు చేస్తుంది. ఎంతన్నది బ్యాంకుని బట్టి ఉంటుంది. తన బ్యాంకులో 250, దానిమీద 18 శాతం జీఎస్టీ, కలిపి 295. కట్టబోయింది 500 అయినా 5,000 అయినా జరిమానా అంతే. అలా వరసగా మూడు నెలలు తప్పితే నెలవారీ సిప్ దానంతటదే రద్దయిపోతుంది కూడా.

మరి డబ్బెందుకు లేకపోయింది? తన కంపెనీలో స్టైపెండ్ 7వ తేదీకి పడుతుంది, ఒక్కోసారి 10 కూడా దాటుతుంది. యాప్‌లో తేదీ అడిగినప్పుడు తను 5 అని నొక్కేసింది. ఆగస్టు 5 నాటికి ఖాతాలో 340 రూపాయలున్నాయి. రెండు సిప్‌లూ బౌన్సయ్యాయి. మొత్తం 590 పోయాయి.

ఆ 590 ఎంత పెద్దదో తెలియాలని కాగితం తీసి ఒక లెక్క వేశాం. నెలకి 2,000 చొప్పున ఏడాదంతా కడితే 24,000 అవుతుంది. మొదటి నెల కట్టింది పన్నెండు నెలలు ఉంటుంది, చివరి నెల కట్టింది ఒక్క నెలే ఉంటుంది. కాబట్టి ఏడాదికి 12 శాతం పెరిగిందనుకున్నా మొదటి ఏడాది చివర వచ్చే లాభం సుమారు 1,560. అదే 8 శాతమే పెరిగే ఫండయితే 1,040. మంచి ఫండుకీ మామూలు ఫండుకీ మధ్య తేడా 520 రూపాయలు. ఏ ఫండ్ మంచిదా అని తను వారాల తరబడి వీడియోలు చూసింది ఈ 520 కోసం. తేదీ చూసుకోక ఒక్క రోజులో పోగొట్టుకుంది 590.

చిన్న మొత్తాల సంగతే అంత. శాతాల్లో వచ్చే లాభం మొత్తాన్ని బట్టి చిన్నదవుతుంది, రూపాయల్లో పడే ఛార్జీ మాత్రం చిన్నదవదు. లక్షలు పెట్టినవాడికి 295 లెక్కలోకి రాదు. 500 పెట్టినవాడికి అది సగానికి పైనే.

షేర్లలోనూ ఇదే కథ. తన హాస్టల్ స్నేహితురాలు 140 రూపాయల షేర్లు మూడు కొని, 147 కాగానే అమ్మిందట. లాభం 21 రూపాయలు. కానీ డీమ్యాట్ ఖాతాలోంచి షేరు బయటికి వెళ్లిన రోజున డీపీ ఛార్జీ పడుతుంది. కొన్నప్పుడు బ్రోకరేజీ లేదన్నంత మాత్రాన ఇది పోదు. ఒక్కటమ్మినా వెయ్యమ్మినా ఒక కంపెనీ షేర్లకి ఆ రోజుకి ఒకసారి. చాలామంది బ్రోకర్ల దగ్గర ఇది 15, 20 రూపాయల చుట్టూ ఉంటుంది. దానితోనే ఆ 21 దాదాపు హరించుకుపోతుంది. నాలుగు వందలతో తరచూ కొని అమ్మేవాళ్లు గెలిచినా ఓడినట్టే.

అది చూసి విసుగెత్తి, తక్కువ డబ్బుతో ఎక్కువ వస్తుందని ఆప్షన్లవైపు వెళ్లే కుర్రాళ్లు కొందరు. సెబీ 2024 సెప్టెంబరులో బయటపెట్టిన అధ్యయనంలో, 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని తేలింది. పాకెట్ మనీ ఉన్నవాళ్లు ఆ గుమ్మం తొక్కకపోవడమే లాభం.

ఇక మా అమ్మాయి ఖాతాని ఎలా సర్దామో చెబుతాను. నాలుగు సిప్‌లలో మూడు ఆపించాను. మిగిలింది నిఫ్టీ 50 కంపెనీల్లో పెట్టే ఇండెక్స్ ఫండ్, డైరెక్ట్ ప్లాన్‌లో. డైరెక్ట్ అంటే మధ్యవర్తికి కమీషన్ ఉండదు, ఖర్చు తక్కువ. మొత్తం 500 మాత్రమే. తేదీ 15. స్టైపెండ్ ఎంత ఆలస్యమైనా ఆలోపు పడుతుంది. దానితోపాటు ఖాతాలో 1,000 రూపాయలు ఎప్పుడూ కదపకూడదని నియమం పెట్టుకుంది. అది రెండు వాయిదాలకి సరిపోతుంది. ఏ నెలైనా కట్టలేననుకుంటే బౌన్స్ అయ్యేదాకా ఆగకుండా వారం ముందే యాప్‌లోకి వెళ్లి సిప్ నిలిపేయాలి. నిలిపితే జరిమానా లేదు.

"మరి మిగతా 1,500?" అంది కాస్త నిరాశగా.

ఇంటర్న్‌షిప్ ఆరు నెలలదే. అది అయిపోయాక ఉద్యోగం దొరికేదాకా హాస్టల్ ఫీజు ఎవరు కడతారు? ల్యాప్‌టాప్ పాడైతే? అంతా ఈక్విటీ ఫండులో ఉంటే, మార్కెట్ పడి ఉన్న రోజునే అమ్మాల్సి రావచ్చు. పైగా చాలా ఈక్విటీ ఫండ్లలో ఏడాదిలోపు తీస్తే 1 శాతం కోత. అందుకే ఆ 1,500 వేరే బ్యాంకు పొదుపు ఖాతాలోకి పంపిస్తున్నాం. ఆ ఖాతాని ఫోన్ పేమెంట్లకి కలపలేదు. టీ కొట్టు దగ్గర ఒక్క నొక్కుతో ఖర్చయిపోయే డబ్బు పొదుపు కాదు కదా. రెండు నెలల హాస్టల్ ఖర్చు అక్కడ జమయ్యాక సిప్ పెంచుకోవచ్చు.

నెలకి 500 చొప్పున రెండేళ్లు కట్టి, 12 శాతం పెరిగిందనుకున్నా చివరికి వచ్చేది 13,600 దరిదాపుల్లోనే. మార్కెట్ పడితే కట్టిన 12,000 కన్నా తక్కువే ఉండొచ్చు. దానితో ఎవరూ ఇల్లు కట్టరు. కానీ రేపు 30,000 జీతం వచ్చిన మొదటి నెలలోనే, కొత్త ఖర్చులు అలవాటు కాకముందే, ఆ 500ని 5,000 చేయాలంటే తేదీ, నిలవ సొమ్ము, వేరే ఖాతా ఈ మూడూ అప్పటికే నడుస్తూ ఉండాలి. 500 దగ్గర చేసిన తప్పు 295తో పోతుంది. అదే నిర్లక్ష్యం ఇంటి లోను వాయిదా దగ్గర చేస్తే జరిమానాతో పాటు క్రెడిట్ స్కోరూ పడిపోతుంది.

మొన్న నవంబరు 16న ఫోన్ చేసింది. "నిన్న పడిపోయింది మామయ్యా, ఐదొందలే. వేరే కోతేమీ లేదు" అంది. ఫండ్ విలువ ఎంతుందని నేను అడగలేదు, తనూ చెప్పలేదు.